ఇన్వెస్టర్లకు క్వార్టర్ నోట్ ఎలా రాయాలి: బర్న్, రన్‌వే, పెరిగిన ఖర్చు

ఒక కంపెనీ బ్యాంక్ ఖాతాలో జూన్ 30న 505 లక్షలు ఉన్నాయి. ఈ డబ్బు ఎన్ని నెలలు వస్తుందని అడిగితే, ఒకే స్టేట్‌మెంట్ చూసి ఒకరు 17 నెలలంటారు, ఇంకొకరు 11 అంటారు, మరొకరు 8 అంటారు. ముగ్గురి దగ్గరా లెక్క ఉంటుంది. కానీ ఆ కంపెనీకి నిజంగా మిగిలింది 9 నెలలు. ఆ 9కి ఎలా చేరుకోవాలో, చేరుకున్నాక దాన్ని ఇన్వెస్టర్లకు ఎలా చెప్పాలో ఇక్కడ అడుగడుగునా చూద్దాం.

ఈ కంపెనీ ఉదాహరణ కోసం నేను అల్లుకున్నదే. నెలవారీ చందా మీద సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది, ఇంకా లాభాల్లోకి రాలేదు. అంకెలన్నీ లక్షల్లో ఉంటాయి. ఏ కరెన్సీ అనుకున్నా లెక్క మారదు. మీరు చదువుతూ పక్కన మీ అంకెలు వేసుకుంటూ వెళ్తే, చివరికొచ్చేసరికి మీ నోట్ సగం తయారవుతుంది.

మొదటి అడుగు: బ్యాంక్ స్టేట్‌మెంట్ నుంచి మొదలుపెట్టండి

చాలామంది ఫౌండర్లు లాభనష్టాల పట్టిక తీసి, అందులోని నష్టాన్నే బర్న్ అని రాసేస్తారు. ఆ రెండూ వేరు. బర్న్ అంటే బ్యాంక్‌లోని డబ్బు నెలనెలా తరిగిపోయే వేగం. మే నెలలో మన కంపెనీ ఒక సాఫ్ట్‌వేర్ లైసెన్స్‌కు ఏడాది మొత్తానికి 12 లక్షలు ఒకేసారి కట్టింది. లాభనష్టాల పట్టికలో మే, జూన్ నెలల వాటాగా 2 లక్షలే కనిపిస్తాయి. బ్యాంక్ నుంచి మాత్రం 12 పోయాయి. అదే నెలలో ఒక కస్టమర్ ఏడాది చందా 24 లక్షలు ముందే కట్టాడు. పట్టికలో 4 లక్షల ఆదాయమే కనిపిస్తుంది, బ్యాంక్‌లోకి 24 వచ్చాయి. రన్‌వే అంటే డబ్బు ఎప్పుడు అయిపోతుందన్న ప్రశ్న కాబట్టి, జవాబు కూడా డబ్బు కదలిక నుంచే రావాలి.

అందుకని కంపెనీ పేరున ఉన్న అన్ని ఖాతాల స్టేట్‌మెంట్లు దగ్గర పెట్టుకుని ప్రతి నెలకూ రెండు మొత్తాలు వేయండి. కస్టమర్ల నుంచి వచ్చింది ఎంత, బయటకు పోయింది ఎంత. పోయిన మొత్తం గ్రాస్ బర్న్. అందులోంచి వసూళ్లు తీసేస్తే మిగిలేది నెట్ బర్న్. మన కంపెనీ ఏప్రిల్ 1న 640 లక్షలతో క్వార్టర్ మొదలుపెట్టింది.

| నెల | వసూళ్లు | చెల్లింపులు | నెట్ బర్న్ | నెలాఖరు నిల్వ |
|---|---|---|---|---|
| ఏప్రిల్ | 26 | 68 | 42 | 598 |
| మే | 51 | 81 | 30 | 568 |
| జూన్ | 28 | 91 | 63 | 505 |

ఇక్కడ ఒక్క పరీక్ష తప్పనిసరి. మొదటి నిల్వకు వచ్చింది కలిపి, పోయింది తీసేస్తే, చివరి నిల్వ రూపాయి తేడా లేకుండా బ్యాంక్‌తో సరిపోవాలి. సరిపోకపోతే ముందుకు వెళ్లకండి. తేడా దాదాపు ఎప్పుడూ ఒకటి రెండు చోట్లే దొరుకుతుంది. ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మార్చిన సొమ్మును ఖర్చుగానో వసూలుగానో రాసి ఉంటారు, లేదా ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసిన మొత్తం చెల్లింపుల్లో కలిసిపోయి ఉంటుంది. పెట్టుబడిగా వచ్చిన డబ్బు, అప్పుగా తెచ్చిన డబ్బు బ్యాంక్‌లోకి వస్తాయి గానీ వసూళ్ల కింద రాయకూడదు. వాటిని విడిగా ఒక వరుసలో చూపించండి. అప్పు తెచ్చిన నెలలో బర్న్ తగ్గినట్టు కనిపించే నోట్ చదివిన ఇన్వెస్టర్ ఆ తర్వాత ఏ అంకె ఇచ్చినా రెండుసార్లు చూస్తాడు.

ఇప్పుడు మొదట్లో చెప్పిన ఆ మూడు జవాబులు ఎక్కడివో తెలుస్తుంది. 505ని మే బర్న్ 30తో భాగిస్తే దాదాపు 17 నెలలు. క్వార్టర్ సగటు 45తో భాగిస్తే 11 చిల్లర. జూన్ బర్న్ 63తో భాగిస్తే దాదాపు 8. మూడు నెలల సగటు తీసుకోవడం అందరికీ అలవాటు, మామూలు రోజుల్లో అది చాలు కూడా. ఖర్చు నెలనెలా ఎక్కుతున్నప్పుడు మాత్రం సగటు వెనక్కి చూస్తుంది, డబ్బేమో ముందుకు అయిపోతుంటుంది. మీ నోట్‌లో నెలనెలా అంకెలు మూడూ ఇవ్వండి, సగటు ఒక్కటే ఇచ్చి ఊరుకోకండి.

రెండో అడుగు: వసూళ్లలో ముందే వచ్చిన డబ్బును విడదీయండి

మేలో వచ్చిన 51లో 24 లక్షలు ఆ ఒక్క కస్టమర్ ఇచ్చిన ఏడాది అడ్వాన్సే. అతను అంతకుముందు నెలకు 2 లక్షలు కట్టేవాడు. ఏప్రిల్ వసూళ్ల 26లో ఆ 2 కూడా ఉన్నాయి. ఇక వచ్చే మే దాకా అతని దగ్గర నుంచి ఏమీ రాదు. కాబట్టి మామూలు నెల ఎలా ఉంటుందో తెలియాలంటే జూన్‌ను చూడాలి. జూన్‌లోని 28 పూర్తిగా మిగతా కస్టమర్ల నుంచి వచ్చింది, అడ్వాన్సులేవీ లేవు. రాబోయే నెలల లెక్కకు మనం వాడబోయే వసూలు అంకె ఇదే.

ఏడాది చందా ముందే తెచ్చుకోవడం మంచి పనే, నోట్‌లో సంతోషంగా చెప్పుకోండి. కానీ ఆ 24 లేకపోతే మే బర్న్ 54 అయ్యేదని కూడా పక్కనే రాయండి. ఈ ఒక్క వాక్యం రాయకపోతే, మేలో బర్న్ ఎందుకు తగ్గింది, జూన్‌లో ఎందుకు రెట్టింపైంది అని ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు.

మూడో అడుగు: పెరిగిన ఖర్చును ముక్కలు చేయండి

నోట్‌లో అసలు పని ఇదే. తీరిగ్గా చేయండి.

జనవరి నుంచి మార్చి వరకు మన కంపెనీ నెలకు సగటున 60 ఖర్చుపెట్టింది, 25 వసూలు చేసింది, నెట్ బర్న్ 35. ఈ క్వార్టర్‌లో ఖర్చు నెలకు 80కి చేరింది. మూడు నెలలకు కలిపి 180 కాస్తా 240 అయింది. ఆ 60 లక్షలు ఎక్కడికి పోయాయో చెప్పాలి. "జీతాలు, టెక్నాలజీ, మార్కెటింగ్ ఖర్చులు పెరిగాయి" అని రాస్తే ఏమీ చెప్పనట్టే. ప్రతి ముక్కకూ మూడు విషయాలు ఉండాలి. ఎంత, ఎందుకు, వచ్చే నెల కూడా ఉంటుందా.

మూడో ప్రశ్నే రన్‌వేను నిర్ణయిస్తుంది. కాబట్టి ముక్కలను జీతాలు, అద్దె లాంటి పద్దుల వారీగా కాకుండా, మళ్లీ వచ్చేవి, ఒక్కసారి వచ్చి పోయేవి అన్న వరుసలో పేర్చుకోండి.

మనుషుల ఖర్చు 18 లక్షలు. ఐదుగురు కొత్తగా చేరారు, ఒక్కొక్కరికి జీతం, పరికరాలు అన్నీ కలిపి నెలకు 2. ఏప్రిల్‌లో ఒకరు, మే నాటికి ముగ్గురు, జూన్ నాటికి ఐదుగురు. అందుకే 2, 6, 10 అని ఎక్కింది. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. క్వార్టర్ మొత్తం 18 కాబట్టి నెలకు 6 అని రాస్తారు. జూలైలో పోయేది 10. పైగా ఇంకో ఇద్దరికి ఆఫర్ లెటర్లు ఇచ్చేశారు, ఆగస్టులో చేరతారు, అప్పటి నుంచి 14. ఇచ్చిన మాట బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో కనిపించదు గానీ అది ఖర్చే.

క్లౌడ్ బిల్లు పెరుగుదల 9 లక్షలు. అంతకుముందు నెలకు 6 ఉండేది, ఇప్పుడు 7, 9, 11 అయింది. కారణం వెతికితే రెండు దొరికాయి. పెద్ద కస్టమర్లు చేరినప్పుడు తమ పాత రికార్డులన్నీ ఎక్కించారు, ఆ నిల్వ ఖర్చు అలాగే ఉండిపోతుంది. ఇక జూన్‌లో పరీక్షల కోసం తెరిచిన సర్వర్లను పని అయ్యాక ఎవరూ ఆపలేదు, దానికి 2 లక్షలు పోయాయి. ఇది తప్పు, తప్పనే రాయాలి. ఎప్పుడు కనిపెట్టారు, ఏ తేదీన ఆపారు, మళ్లీ జరగకుండా బిల్లుకు ఏ పరిమితి దగ్గర హెచ్చరిక పెట్టారు అని రెండు వాక్యాలు చాలు. ఆ 2 పోను, నెలకు 3 పెరుగుదల కొనసాగుతుంది.

అయితే ఇక్కడ ఇంకో విషయం ఉంది, మీరు చెప్పకపోయినా అనుభవమున్న ఇన్వెస్టర్ చూస్తాడు. వృథా తీసేశాక కూడా క్లౌడ్ ఖర్చు 6 నుంచి 9కి, అంటే సగం మేర పెరిగింది. వసూళ్లేమో 25 నుంచి, అడ్వాన్స్ కట్టిన కస్టమర్ వాటా 2 కలిపి చూసినా, 30కి. అంటే ఐదో వంతే. ఒక్కో కస్టమర్‌కు సేవ చేసే ఖర్చు, అతను ఇచ్చే డబ్బు కంటే వేగంగా పెరుగుతోందన్నమాట. ఇది ఒక క్వార్టర్‌కు పరిమితమా, ధరలోనే లోపముందా అన్నది ఇంకా తేలకపోతే, తేలలేదనే రాసి, ఏ తేదీకి లెక్క తేలుస్తారో చెప్పండి. ఆ వరుసను పెరుగుదల బాగుందన్న మాటల కింద దాచకండి.

సెక్యూరిటీ ఆడిట్ 9 లక్షలు, జూన్‌లో. ఒక పెద్ద కస్టమర్ ఒప్పందానికి ముందు అడిగాడు. ఇది ఒక్కసారి ఖర్చు అని రాయాలనిపిస్తుంది. కానీ ఆడిట్ వాళ్లు సూచించిన మానిటరింగ్ సేవకు జూలై నుంచి నెలకు 1 కట్టాలి, ఏడాది తర్వాత ఆడిట్ కూడా మళ్లీ వస్తుంది. ఒక్కసారి అని మీరు పేరు పెట్టిన ప్రతి ఖర్చునూ దీనికి తోక ఉందా అని అడగండి. గత నాలుగు క్వార్టర్ల నోట్లు తీసి చూడండి. ప్రతి క్వార్టర్‌లోనూ ఏదో ఒక "ఒక్కసారి" ఖర్చు ఉంటే, అది ఒక్కసారిది కాదు, మీ కంపెనీ మామూలు ఖర్చులో భాగం.

లైసెన్స్ 12 లక్షలు, ముందే చెప్పుకున్నాం. వచ్చే మేలో మళ్లీ కట్టాలి. మార్కెటింగ్ ప్రయోగం 7 లక్షలు, జూన్‌లో. దానివల్ల ఇద్దరు కస్టమర్లు వచ్చారు, ఇద్దరూ కలిసి నెలకు 50 వేలు ఇస్తారు. పెట్టింది తిరిగి రావడానికే 14 నెలలు, అదీ సేవ ఖర్చు లెక్కవేయకుండా. ఆపేశారు. ఇలాంటి ఫలితాన్ని అంకెతో సహా రాయండి. చేసి చూసి ఆపేశామన్నది ఇన్వెస్టర్‌కు చేదు వార్త కాదు, ఆపారో లేదో తెలియకపోవడమే అతనికి టెన్షన్.

చివరిది 5 లక్షలు. మార్చిలో పూర్తయిన ఒక కాంట్రాక్ట్ పనికి ఇన్‌వాయిస్ ఆలస్యంగా వచ్చి ఏప్రిల్‌లో కట్టారు. చిన్న మొత్తంలా ఉంది గానీ పోలికలో రెండు వైపులా లాగుతుంది. ఆ ఖర్చు దాని క్వార్టర్‌లోనే పడి ఉంటే, పోయిన క్వార్టర్ 185, ఈ క్వార్టర్ 235 అయ్యేవి. అప్పుడు పెరుగుదల 60కి బదులు 50. నెలాఖరున బిల్లులు నాలుగు రోజులు ఆపి బర్న్ తగ్గించి చూపించాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే, ఈ లెక్క గుర్తుంచుకోవాలి. ఆపిన ప్రతి లక్ష, తర్వాతి నోట్‌లో రెండు లక్షల పెరుగుదలగా తిరిగి వస్తుంది.

అన్నీ కలపండి: 18, 9, 9, 12, 7, 5. మొత్తం 60. సరిపోయింది. మీ ముక్కలు కలిపితే రెండు మూడు లక్షలు మిగిలిపోతే, దాన్ని "ఇతరాలు" అని రాసి వదిలేయొచ్చు. పదో వంతుకు మించి ఇతరాల్లో పడితే మాత్రం మీకే ఇంకా కారణం తెలియదన్నమాట, మళ్లీ వెతకండి.

నాలుగో అడుగు: ఉన్న డబ్బులో వాడుకోగలిగింది ఎంత

బ్యాంక్‌లో 505 ఉన్నాయి. అందులో 30 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను ఒక గ్యారంటీ కోసం బ్యాంక్ పట్టి ఉంచింది, అది విడిపించుకునే దాకా ముట్టుకోలేరు. ఇంకో 15 లక్షలు కస్టమర్ల దగ్గర, ఉద్యోగుల దగ్గర పన్నుగా పట్టుకుని ఇంకా ప్రభుత్వానికి కట్టని సొమ్ము. అది మీ దగ్గర ఉంది గానీ మీది కాదు. రెండూ తీసేస్తే 460. రన్‌వేకు పనికొచ్చేది ఇదే.

డబ్బు ఎన్ని బ్యాంకుల్లో ఉందో కూడా ఒక్క వాక్యంలో చెప్పడం మంచిది. 2023 మార్చి 10, శుక్రవారం నాడు సిలికాన్ వ్యాలీ బ్యాంక్ మూతపడినప్పుడు, డబ్బంతా అక్కడే పెట్టుకున్న స్టార్టప్‌లకు ఆ వారాంతమంతా జీతాలు ఎలా ఇవ్వాలో తెలియలేదు. అమెరికాలో ఒక్కో బ్యాంక్‌లో ఒక్కో డిపాజిటర్‌కు బీమా పరిమితి 2,50,000 డాలర్లే. డిపాజిట్లు పూర్తిగా అందుతాయని ఆదివారం ప్రభుత్వం ప్రకటించింది కాబట్టి సరిపోయింది. కాగితం మీద రన్‌వే ఎన్ని నెలలున్నా, ఆ మూడు రోజులు వాళ్లకు అది ఉపయోగపడలేదు.

ఐదో అడుగు: రన్‌వేను ముందుకు నడిపించండి

ఇక భాగహారం వదిలేసి, నెల తర్వాత నెల రాసుకుంటూ వెళ్లండి. ఒక స్ప్రెడ్‌షీట్‌లో పదిహేను వరుసలు చాలు.

జూలై ఖర్చు: పాత 60, కొత్త మనుషులు 10, క్లౌడ్ 3, మానిటరింగ్ 1. మొత్తం 74. వసూళ్లు 28. నెట్ బర్న్ 46. 460లోంచి తీస్తే జూలై చివరికి 414. ఆగస్టు నుంచి కొత్తగా చేరే ఇద్దరికి 4 కలిస్తే ఖర్చు 78, నెట్ బర్న్ 50. అక్కడి నుంచి నెలకు 50 చొప్పున తీసుకుంటూ వెళ్తే, మార్చి చివరికి 14 లక్షలు మిగులుతాయి. ఏప్రిల్ జీతాలకు చాలవు. జూలై నుంచి మార్చికి 9 నెలలు. లైసెన్స్ మళ్లీ వచ్చేది మేలో, ఆడిట్ జూన్‌లో కాబట్టి ఈ లెక్కలోకి రాలేదు. మీ కంపెనీలో అలాంటివి ఈ లోపే పడితే, సగటులో కలపకుండా అవి పడే నెలలోనే రాయండి.

నోట్‌లో "9 నెలలు" అని రాయడంతో పాటు "మార్చి చివరి వరకు" అని తేదీ కూడా రాయండి. నెలల సంఖ్య ఏ రోజు నుంచి లెక్కపెట్టారో చదివేవాళ్లు మర్చిపోతారు. తేదీ మారదు.

ఈ లెక్కలో ఇంకా సంతకం కాని ఆర్డర్లు పెట్టకండి. అక్టోబర్ నుంచి వసూళ్లు నెలకు 6 పెరుగుతాయని మన ఫౌండర్‌కు గట్టి నమ్మకం ఉందనుకోండి. దాన్ని రెండో వరుసగా విడిగా చూపించాలి. వేసి చూస్తే సెప్టెంబర్ చివరికి 314 ఉంటాయి, తర్వాత నెలకు 44 పోతాయి, ఏప్రిల్ చివరి దాకా వస్తుంది. అంటే ఒక్క నెలే కలిసింది. వేసి చూడకముందు ఆ 6 లక్షల మీద ఫౌండర్ పెట్టుకున్న ఆశ ఇంతకంటే చాలా పెద్దది.

అలాగే ఆగస్టులో చేరే ఇద్దరిని ఆపితే? నెలకు 46 చొప్పున 460 సరిగ్గా పది నెలలు వస్తుంది. ఆపకపోయినా మార్చి తర్వాత ఆ 14 లక్షలు ఇంకో వారం వస్తాయి కాబట్టి, కలిసేది మూడు వారాలే. ఆ మూడు వారాల లాభం కోసం ఇచ్చిన ఆఫర్లు వెనక్కి తీసుకోవాలా అన్న ప్రశ్నకు ఇక్కడే జవాబు దొరుకుతుంది. నా అభిప్రాయంలో తీసుకోకూడదు. ఇలాంటి రెండు మూడు "ఇలా చేస్తే" లెక్కలు ముందే వేసుకుంటే, ఇన్వెస్టర్ ఫోన్‌లో అడిగినప్పుడు తడుముకోనక్కర్లేదు.

ఆరో అడుగు: పోయినసారి చెప్పిన అంకెతో ముడిపెట్టండి

నేను చూసిన నోట్లలో ఎక్కువ భాగం ఇక్కడే జారిపోతాయి. మార్చి చివరన మన ఫౌండర్ ఏం చెప్పాడు? 640ని 35తో భాగించి, 18 నెలలని చెప్పాడు. మూడు నెలలు గడిచాయి. ఇన్వెస్టర్ మనసులో ఇప్పుడు 15 ఉంటుంది. మీరు 9 అంటున్నారు. మధ్యలో ఆరు నెలలు ఏమయ్యాయి? ఈ ప్రశ్న అతను అడిగేలోపే జవాబు మీ నోట్‌లో ఉండాలి.

జవాబు ఇలా కట్టండి. పాత వేగంతోనే ఖర్చయి ఉంటే జూన్ చివరికి 535 ఉండాలి, 505 ఉన్నాయి. ఆ 30 తేడా, పాత బర్న్ 35 లెక్కన, ఒక నెలకు కొంచెం తక్కువ. రెండోది, పోయినసారి వాడుకోలేని 45 లక్షలను తీసేయకుండానే లెక్కవేశాం, దానివల్ల ఒకటింబావు నెల. మిగిలిన దాదాపు నాలుగు నెలలు, ఇకమీద బర్న్ 35 నుంచి 50కి వెళ్తున్నందువల్ల. కలిపితే ఆరు.

ఇలా విడదీశాక ఒక విషయం బయటపడుతుంది. ఈ క్వార్టర్‌లో అదనంగా ఖర్చయిన డబ్బు వల్ల పోయింది ఒక్క నెలే. నాలుగు నెలలు పోయింది ఇకమీద కాబోయే ఖర్చు వల్ల. ఆడిట్, లైసెన్స్, మార్కెటింగ్ గురించి పేజీలు రాసి, కొత్త మనుషుల గురించి ఒక్క వాక్యం రాసే నోట్ తలకిందులుగా ఉన్నట్టే. ఎక్కువ నెలలను తినే కారణానికి ఎక్కువ చోటివ్వండి.

జవాబులోని రెండో భాగం, ఆ 45 లక్షల సంగతి, రాయడం కష్టంగా ఉంటుంది, ఎందుకంటే పోయినసారి పద్ధతి తప్పని ఒప్పుకోవాలి. ఒప్పుకోండి. ఒకసారి నేను పని చేసిన చోట రన్‌వే లెక్క పద్ధతిని ఏమీ చెప్పకుండా మార్చేశాం, కొత్త పద్ధతి మరింత సరైనదే. రెండు నెలల తర్వాత ఒక ఇన్వెస్టర్ పాత నోట్, కొత్త నోట్ పక్కపక్కన పెట్టి అడిగారు. సరైన అంకె ఇచ్చి కూడా సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. పద్ధతి మారితే పాత అంకెను కొత్త పద్ధతిలో మళ్లీ వేసి చూపించాలి. మార్చి చివరన కూడా అదే 45 పట్టి ఉందనుకుంటే, 595ని 35తో భాగించి, అప్పుడు 17 నెలలు అని ఉండాల్సింది.

ఏడో అడుగు: నోట్ రాయండి

లెక్క సిద్ధమైతే నోట్ ఒక పేజీ దాటదు. మొదటి నాలుగు వాక్యాల్లోనే చేదు అంకె ఉండాలి. కొత్త కస్టమర్ల పేర్లతో, అభినందనలతో మొదలుపెట్టి మూడో పేజీలో రన్‌వే చెప్పడం వల్ల వార్త తీపి కాదు. మన ఫౌండర్ ఇలా రాయొచ్చు:

> అందరికీ నమస్కారం.
>
> జూన్ 30 నాటికి బ్యాంక్‌లో 505 లక్షలు ఉన్నాయి, వాడుకోగలిగింది 460. ఈ క్వార్టర్‌లో నెట్ బర్న్ నెలకు సగటున 45 (ఏప్రిల్ 42, మే 30, జూన్ 63). మేలో వచ్చిన 24 లక్షల ఏడాది అడ్వాన్స్ లేకపోతే ఆ నెల 54 అయ్యేది. ఇకమీద నెలకు 50 పోతుందని మా అంచనా, ఆ లెక్కన డబ్బు వచ్చే మార్చి చివరి వరకు వస్తుంది.
>
> మార్చిలో మీకు 18 నెలలని చెప్పాం. పోలిస్తే ఇప్పుడు 15 ఉండాలి, 9 ఉన్నాయి. ఆ ఆరు నెలల్లో సుమారు నాలుగు, మేం తీసుకున్న ఒక నిర్ణయం చుట్టూ ఉన్నాయి. పెద్ద కస్టమర్ల వ్యవస్థలతో మా సాఫ్ట్‌వేర్‌ను కలిపే పనికి ఐదుగురిని తీసుకున్నాం, ఇంకో ఇద్దరు ఆగస్టులో చేరతారు. ఈ పని చేసేవాళ్లు లేక పోయిన ఏడాది చివరి నుంచి ఒప్పందాలు ఆగిపోతున్నాయి. ఒకటింబావు నెల మా లెక్క తప్పు, గ్యారంటీ డిపాజిట్‌ను, కట్టాల్సిన పన్నును అప్పుడు తీసేయలేదు. మిగిలిన ఒక నెల ఈ క్వార్టర్‌లో అదనంగా అయిన ఖర్చు, వివరాలు కింద ఉన్నాయి.
>
> జూన్‌లో పరీక్ష సర్వర్లు ఆపకపోవడం వల్ల 2 లక్షలు వృథా అయ్యాయి. ఆపేశాం, బిల్లు పరిమితి దాటితే ఇకపై ఇద్దరికి హెచ్చరిక వస్తుంది. మార్కెటింగ్ ప్రయోగం 7 లక్షలు తిని తగిన ఫలితం ఇవ్వలేదు, ఆపేశాం. క్లౌడ్ ఖర్చు వసూళ్ల కంటే వేగంగా పెరుగుతోంది. ధరలు మార్చాలా వద్దా అన్నది ఆగస్టు నోట్‌లో అంకెలతో చెబుతాం.
>
> సెప్టెంబర్ 30 నాటికి కొత్త బృందం ద్వారా రెండు పెద్ద ఒప్పందాలు సంతకం కావాలి. కాకపోతే నెలకు 50 ఉన్న బర్న్‌ను 40కి తెచ్చే ప్రణాళికను అక్టోబర్ మొదటి వారంలో మీ ముందు పెడతాం. తర్వాతి పెట్టుబడి కోసం మాటలు ఈ నెలలోనే మొదలుపెడుతున్నాం.

ఈ నోట్‌లో చివరి పేరాను గమనించండి. రెండు ఒప్పందాలు అన్నది ఆశ, 40 అన్నది కట్టుబాటు. రాయబోయే ముందు ఆ 10 ఎక్కడ తగ్గిస్తారో మీ దగ్గర నిజంగా జాబితా ఉండాలి. నోట్‌లో ఆ జాబితా పెట్టకండి. ఇన్వెస్టర్లకు వెళ్లిన మెయిల్ ఏదో ఒక రోజు ఉద్యోగుల దాకా చేరుతుందనుకునే రాయాలి.

పెట్టుబడి మాటలు ఇప్పుడే ఎందుకంటే, పెట్టుబడి తేవడానికి ఆరు నెలలు పడుతుందనుకుని నడవడం క్షేమం. 9 నెలలున్నప్పుడు మొదలుపెడితే చివర్లో మూడు నెలల ఊపిరి ఉంటుంది. ఐదు నెలలప్పుడు మొదలుపెడితే అవతలివాళ్లకు ఆ సంగతి లెక్కల్లోనే కనిపిస్తుంది, ధర వాళ్లే నిర్ణయిస్తారు.

పంపే ముందు, పంపిన తర్వాత

నోట్ తయారయ్యాక మీ లెక్కలతో సంబంధం లేని ఒకరికి, సహ వ్యవస్థాపకుడికో అకౌంటెంట్‌కో, నోట్ మాత్రమే ఇచ్చి 9 ఎలా వచ్చిందో వేసి చూపించమనండి. వాళ్లకు 9 రాకపోతే, నోట్‌లో ఎక్కడో ఒక అంకె తప్పిపోయింది.

రన్‌వే ఇంత తగ్గిన క్వార్టర్‌లో, అందరికీ మెయిల్ వెళ్లే ముందు బోర్డులో ఉన్నవాళ్లకు, పెద్ద వాటాదారులకు ఫోన్ చేసి చెప్పండి. పదిహేను నిమిషాలు చాలు. నెల ముగిశాక పదో తేదీ లోపు నోట్ పంపడం అలవాటు చేసుకోండి. ఆడిట్ అయిన అంకెల కోసం నెలన్నర ఆగక్కర్లేదు, బ్యాంక్ నిల్వలు ఒకటో తేదీకే తెలుస్తాయి కదా.

జూలై ముగియగానే ఆగస్టు మొదట్లో ఇంకో చిన్న నోట్ వెళ్లాలి. అందులో మొదటి వాక్యం: జూలై నెట్ బర్న్ 46 అన్నాం, ఇంత అయింది. తేడా వస్తే ఎందుకో దాని కింద.